ట్రైపాడ్ మీద పెడితే యాక్షన్ కెమెరా వేడెక్కి ఎందుకు ఆగిపోతుంది, ఏ సెట్టింగులు మార్చాలి

ప్రశ్న: అన్నా, నా యాక్షన్ కెమెరా బైక్ మీద పెడితే బ్యాటరీ అయిపోయేదాకా ఆగకుండా రికార్డ్ చేస్తుంది. మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం తీద్దామని ట్రైపాడ్ మీద పెట్టి 5.3కె 60లో ఆన్ చేస్తే 20 నిమిషాలకే థర్మామీటర్ గుర్తు చూపించి ఆఫ్ అయిపోయింది. కెమెరా పోయిందా? వచ్చే నెల చెల్లి కూచిపూడి ప్రోగ్రాం ఉంది, రెండున్నర గంటలు. ఏ సెట్టింగులు పెడితే ఆగకుండా వస్తుంది?

సమాధానం:

కెమెరా పోలేదు, కంగారు పడకండి. దానికి గాలి ఆడలేదు, అంతే. చెల్లి ప్రోగ్రాం రోజు 4కె, 25 ఫ్రేములు, స్టెబిలైజేషన్ ఆఫ్, వైఫై, జీపీఎస్ రెండూ ఆఫ్ పెట్టండి. మీ మోడల్‌లో కుదిరితే బ్యాటరీ బయటికి తీసేసి పవర్ బ్యాంక్ మీద నడపండి, పక్కన ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. రెండున్నర గంటలు వచ్చేస్తుంది. ఇన్ని పనులు కుదరవు, ఒక్కటే చెయ్యగలను అంటే ఫ్యాన్ పెట్టండి. రెండు చెయ్యగలను అంటే ఫ్యాన్ పెట్టి, 60 ఫ్రేములను 25కి దించండి. మెనూలో మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే.

ఇక ఎందుకు అన్నది. ఇది తెలిస్తే మీ కెమెరాకి, మీ హాలుకి ఏం సరిపోతుందో మీరే లెక్క వేసుకోవచ్చు, ప్రతిసారీ ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ బ్యాటరీ వెనక సన్నటి అక్షరాలతో Wh, అంటే వాట్ అవర్లు, అని ఒక అంకె రాసి ఉంటుంది చూడండి. 1720 ఎంఏహెచ్, 3.85 వోల్టుల బ్యాటరీ అయితే అది సుమారు 6.6 ఉంటుంది. పెద్ద రిజల్యూషన్‌లో ఆ బ్యాటరీ గంటకో, గంటా పది నిమిషాలకో అయిపోతోంది అనుకోండి. అంటే కెమెరా దాదాపు 6 వాట్లు తింటోందన్నమాట. ఆ 6 వాట్లూ ఎక్కడికి పోతాయి? అందులో మోటారు లేదు, దీపం లేదు. వైఫై రూపంలో బయటికి పోయేది కాస్తంత. మిగతాదంతా చివరికి వేడే. అరచేతిలో పట్టే సబ్బంత డబ్బాలో 6 వాట్ల బల్బు పెట్టి మూత బిగించామనుకోండి, మీ కెమెరా పరిస్థితి అదే. నీళ్లలో ముంచినా తట్టుకోవాలి కాబట్టి దానికి రంధ్రాలుండవు, లోపల ఫ్యాన్ ఉండదు. లోపలి వేడి పైతొడుగు దాకా వచ్చి, అక్కడి నుంచి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. వేరే దారి లేదు.

7 సెంటీమీటర్ల వెడల్పు, అయిదున్నర ఎత్తు, మూడున్నర కంటే కాస్త తక్కువ మందం ఉన్న డబ్బాకి నేను వేసుకున్న మోటు లెక్క ఇది. గాలి కదలని చోట లోపల ఖర్చయ్యే ఒక్కో వాటుకు ఒళ్లు సుమారు 5 నుంచి 6 డిగ్రీలు ఎక్కుతుంది. 6 వాట్లయితే చుట్టూ ఉన్న వేడి మీద ఇంకో 33 డిగ్రీలు. మీ వ్రతం గదిలో జనం, దీపాలు, వంటింటి వేడి అన్నీ కలిపి 35 డిగ్రీలు ఉందనుకుంటే కెమెరా ఒళ్లు 68 దగ్గరికి పోతుంది. చిప్పు ఇంకా లోపల ఉంటుంది కాబట్టి అది అంతకంటే వేడిగా ఉంటుంది. ఆ వేడికి చేరకముందే కెమెరా తనంతట తాను ఆగిపోయింది. అలా ఆగేట్టు కావాలనే చేస్తారు, లేకపోతే బ్యాటరీ దెబ్బతింటుంది.

అదే కెమెరాని బైక్ మీద పెట్టండి. ఎదురుగాలి ఒంటికి తగులుతుంటే వాటుకు రెండు డిగ్రీలు ఎక్కితే ఎక్కువ. అదే 6 వాట్లకి 12 డిగ్రీలు, అక్కడితో సరి. అందుకే మే నెలలో విజయవాడ ఎండలో బైక్ మీద ఆగని కెమెరా ఇంట్లో నీడపట్టున ఆగిపోతుంది. వింతగా అనిపిస్తుంది కానీ ఇవి పరుగెత్తే మనిషికీ, కదిలే బండికీ తయారు చేసిన కెమెరాలు. కూర్చోబెట్టి గంటలు గంటలు తీస్తామని వాళ్లు పెద్దగా అనుకున్నట్టు లేదు. తర్వాత జనం గోల పెట్టాక గోప్రో హీరో 10కి ఒక అప్‌డేట్‌లో `Tripod / Stationary Video` అని ప్రత్యేకంగా ఒక మోడ్ ఇచ్చారు. స్టెబిలైజేషన్‌నీ జీపీఎస్‌నీ అదే ఆపేస్తుంది. మీ కెమెరాలో అలాంటిది ఉంటే ముందు అది ఆన్ చేసి, ఆ తర్వాత మిగతావి చూడండి.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. ఈ కెమెరాలు 150 గ్రాముల బరువు ఉంటాయి, వేడెక్కడానికి కొంత టైం తీసుకుంటాయి. గాలి ఆడని చోట మొదటి 13 నిమిషాల్లో మొత్తం ఎక్కాల్సిన వేడిలో మూడింట రెండొంతులు ఎక్కుతుంది, 40 నిమిషాలకి దాదాపు అంతా ఎక్కేస్తుంది. ఆ తర్వాత పెద్దగా పెరగదు. అందుకే ఇంట్లో 5 నిమిషాలు తీసి చూసుకుని బాగానే ఉందని వెళ్లిపోతే ప్రోగ్రాం రోజున దెబ్బ తింటారు. 45 నిమిషాలు ఆగకుండా నడిచిందంటే, గది వేడి పెరగనంత వరకు, కార్డు నిండేదాకా నడుస్తుంది. టెస్ట్ చేస్తే అంతసేపు చెయ్యండి, అదీ ప్రోగ్రాం ఎలాంటి చోటో అలాంటి చోట. ఏసీ గదిలో టెస్ట్ చేసి షామియానాలో తీస్తే ఆ టెస్ట్ ఎందుకూ పనికిరాదు. హాలు 10 డిగ్రీలు వేడిగా ఉంటే కెమెరా కూడా 10 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు సెట్టింగులు, ఎక్కువ ఉపయోగపడేవి ముందు.

రిజల్యూషన్, ఫ్రేములు. ఈ రెండిటినీ విడివిడిగా చూడకండి, గుణించి చూడండి. 5.3కెలో ఒక్కో ఫ్రేములో కోటీ 58 లక్షల చుక్కలు ఉంటాయి. సెకనుకు 60 ఫ్రేములంటే చిప్పు సెకనుకు 95 కోట్ల చుక్కలు చదవాలి, కుదించాలి, కార్డు మీద రాయాలి. 4కెలో ఫ్రేముకు 83 లక్షలే, 25 ఫ్రేములంటే సెకనుకు 21 కోట్లు. పని నాలుగో వంతు కంటే తగ్గిపోయింది. వేడి కూడా నాలుగో వంతుకి పడిపోతుందని ఆశపడకండి, చిప్పు ఊరికే మేలుకుని ఉండటానికే కొంత కరెంటు కావాలి. కానీ 6 వాట్లది 4కి వస్తే పై లెక్క ప్రకారం ఒంటి మీద 11 డిగ్రీలు తగ్గినట్టే. ఆగడానికీ ఆగకపోవడానికీ తేడా చాలాసార్లు అంతే.

60ని 30కి దించుకోమని అందరూ చెబుతారు, నేను 25 అన్నాను. దానికి కారణం ఉంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. మెనూలో `Anti-Flicker` అని ఉంటుంది, దాన్ని 50Hzకి మార్చండి. మార్చగానే 60 ఉన్నచోట 50, 30 ఉన్నచోట 25 కనిపిస్తాయి. హాల్లో ట్యూబ్‌లైట్లు, చౌకరకం ఎల్ఈడీలు ఉంటే 30లో వీడియో అంతా అలలు అలలుగా మినుకుమంటుంది, 25లో ఆ గొడవ తక్కువ. పైగా ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడటానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి స్టేజీ మీద చీకటి భాగాల్లో మచ్చలు తగ్గుతాయి. అంటే వేడి కోసం చేసిన మార్పు బొమ్మకి కూడా మేలే చేస్తుంది. కూచిపూడిలో అడుగులు వేగంగా పడతాయి కదా, 25 చాలదేమో అని అనుమానం రావచ్చు. చాలుతుంది. స్లో మోషన్ చెయ్యాలంటేనే 50 కావాలి. అదీ కావాలంటే ఒక్క తరంగం మీదో, మంగళం మీదో వేరే క్లిప్పు తీసుకోండి, మొత్తం రెండున్నర గంటలూ 50లో ఎందుకు?

కొందరు 5.3కె ఎందుకు వదలరో నాకు తెలుసు. కెమెరా వెనక వరసలో పెడతారు, తర్వాత ఎడిటింగ్‌లో దగ్గరికి కోసుకుంటారు. మీదీ అదే అవసరమైతే రిజల్యూషన్ అలాగే ఉంచి ఫ్రేములు మాత్రం దించండి. 5.3కె 25 చేసే పని 4కె 50 కంటే కొంచెం తక్కువే. 40 కోట్ల చుక్కలు ఒకటి, 41 కోట్లు ఇంకొకటి. ఇది చూసి ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, 4కె కదా చల్లగా ఉంటుందనుకుని 50లోనో 60లోనో పెట్టుకుంటారు మరి.

స్టెబిలైజేషన్. ట్రైపాడ్ మీద ఊగేది ఏముందని? అయినా ఇది చాలా కెమెరాల్లో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ప్రతి ఫ్రేముకీ చిప్పు లెక్క కడుతూ, బొమ్మ అంచులు కోస్తూ ఉంటుంది. ఆఫ్ చేస్తే పని తగ్గుతుంది, స్టేజీ రెండు పక్కలా ఇంకాస్త కనిపిస్తుంది కూడా. హొరైజన్ లాక్ ఉంటే అదీ ఆఫ్.

వైఫై, ఫోన్ ప్రివ్యూ. ఫ్రేము సరిచూసుకోవడానికి ఫోన్ యాప్ వాడండి, తప్పులేదు. సరిచూసుకున్నాక డిస్‌కనెక్ట్ చేసి కెమెరాలోనే వైర్‌లెస్ ఆఫ్ చెయ్యండి. ప్రోగ్రాం మొత్తం ఫోన్లో చూస్తూ కూర్చుంటే కెమెరా రెండు వీడియోలు తయారు చేస్తోందన్నమాట, కార్డుకి ఒకటి, మీ ఫోన్‌కి ఒకటి. ఫోన్‌కి పోయేది చిన్నదే కానీ అది రేడియో మీద పోవాలి, రేడియో కూడా అదే సబ్బుడబ్బాలో ఉంది.

జీపీఎస్ హాలు లోపల దండగ, ఆఫ్. వాయిస్ కంట్రోల్ ఆఫ్. వెనక స్క్రీన్ 1 నిమిషానికి ఆరిపోయేట్టు, ముందు స్క్రీన్ ఉంటే అదీ ఆరిపోయేట్టు పెట్టండి. ఇవన్నీ ఒక్కొక్కటీ చిన్నవే, వీటి మీద గంటసేపు కూర్చోకండి. బిట్ రేట్ High నుంచి Standardకి మారిస్తే వేడి తేడా నాకు పెద్దగా కనిపించలేదు, కార్డులో చోటు మాత్రం బాగా మిగులుతుంది.

ఇక్కడితో మెనూ అయిపోయింది. అసలు పని బయట ఉంది.

బ్యాటరీ. ఒక బ్యాటరీతో రెండున్నర గంటలు ఎలాగూ రాదు, మధ్యలో మార్చాలి, మార్చే లోపల ఏ జతిస్వరమో పోతుంది. కాబట్టి పవర్ బ్యాంక్ తప్పదు. కొన్ని కెమెరాలు, గోప్రోల్లో చాలావరకు, బ్యాటరీ లేకుండా యూఎస్‌బీ కరెంటు మీదే నడుస్తాయి. మీది నడుస్తుందో లేదో ఇంట్లో ఒకసారి చూసుకోండి. నడిస్తే బ్యాటరీ తీసేయండి. రెండు లాభాలు ఉన్నాయి. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు, ఎక్కించుకుంటున్నప్పుడు తనూ వేడెక్కుతుంది, ఆ వేడి పోతుంది. రెండోది, బ్యాటరీ గది ఖాళీ అయ్యి, పక్క తలుపు తీసి ఉండటం వల్ల లోపలికి కాస్త గాలి ఆడుతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నుంచి నిజంగా 30 వాట్ అవర్లు వస్తాయనుకున్నా, 4 వాట్ల కెమెరా ఏడు గంటలు నడవాలి. మీకు కావాల్సింది అందులో సగం కూడా కాదు.

ఒక్క జాగ్రత్త. బ్యాటరీ లేనప్పుడు ఆ తీగే కెమెరాకి ప్రాణం. ఎవరో పిల్లాడు కాలు తగిలించి లాగాడంటే అప్పుడు రాస్తున్న ఫైలు పాడవుతుంది. తీగని ట్రైపాడ్ కాలికి రెండు చోట్ల టేపు వేసి, కెమెరా దగ్గర కొంచెం వదులు ఉంచండి. తలుపు తీసి ఉంది కాబట్టి వాన, మంచు, పూజలో చల్లే నీళ్లు, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి.

ఫ్యాన్. యూఎస్‌బీతో తిరిగే అరచేయంత ఫ్యాన్ చాలు. కెమెరాకి ఒక అడుగు దూరంలో, కాస్త పక్కగా, లెన్స్ ఉన్న ముందు వైపుకి గాలి తగిలేట్టు పెట్టండి. లోపలి నుంచి వేడిని బయటికి తెచ్చే లోహపు పలక చాలా మోడళ్లలో ముందు వైపే ఉంటుంది, ముట్టుకుంటే తెలిసిపోతుంది. ఫ్యాన్‌ని మాత్రం అదే ట్రైపాడ్‌కి కట్టకండి, బొమ్మ సన్నగా వణుకుతుంది. నేను మొదట్లో అలా కట్టే ఒక పెళ్లి వీడియో మొత్తం వణికించాను. వేరే స్టాండ్ మీద, లేదంటే పక్క కుర్చీ మీద పెట్టండి. ఇంకొకటి, ఫ్యాన్ చప్పుడు కెమెరా మైకులో జోరీగలా వినిపిస్తుంది. నృత్యానికి ఆడియో ముఖ్యం కాబట్టి సౌండ్ బోర్డు నుంచో, స్టేజీ దగ్గర పెట్టిన ఇంకో ఫోన్లోనో వేరుగా రికార్డ్ చేసి తర్వాత కలుపుకోండి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే రెండిటినీ జత చెయ్యడం తేలిక.

ఫ్యాన్ పెట్టేముందు కెమెరాకున్న రబ్బరు తొడుగు, నీళ్లలో వాడే ప్లాస్టిక్ పెట్టె తీసేయండి. అవి కెమెరాకి స్వెట్టర్లు.

నా సొంత కథ ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట శ్రీరామనవమి పందిట్లో హరికథ తియ్యమని రాజమండ్రి దగ్గర ఒక ఊళ్లో పిలిచారు. మూడు గంటల కథ. పైన రేకుల పందిరి, వేదికకి రెండు వైపులా పెద్ద హాలోజన్ లైట్లు, నా కెమెరా సరిగ్గా ఒక లైటు కింద ఆరడుగుల స్టాండ్ మీద. మీలాగే అన్నీ ఫుల్లుగా పెట్టాను, 60 ఫ్రేములు, స్టెబిలైజేషన్, ఫోన్లో ప్రివ్యూ. పక్కన పానకం పంచుతుంటే ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కెమెరా మీద ఎర్ర దీపం లేదు. ముట్టుకుంటే ఇస్త్రీ పెట్టెలా ఉంది. తర్వాత చూస్తే 22 నిమిషాల దగ్గర ఆగింది. దాసుగారు అప్పుడే పుత్రకామేష్టి ముగించి సీతా స్వయంవరానికి వస్తున్నారు. మిగతా కథ నా ఫోన్లో, అదీ నిలువుగా తీశాను. ఆ కమిటీ పెద్దాయన ఇప్పటికీ కనిపిస్తే "ఏమయ్యా, ధనుస్సు విరిగిందా?" అని అడుగుతాడు.

మరుసటి ఏడు మళ్లీ వాళ్లే పిలిచారు, పాపం. అదే కెమెరా, అదే పందిరి. ఈసారి చేసింది ఇంతే. స్టాండ్‌ని హాలోజన్ నుంచి ఎనిమిది అడుగులు వెనక్కి జరిపాను. 4కె 25, స్టెబిలైజేషన్ లేదు, వైర్‌లెస్ లేదు. బ్యాటరీ తీసి పవర్ బ్యాంక్. పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద చిన్న ఫ్యాన్. మొదలవ్వడానికి ముందు కెమెరాని ఆన్ చేసి ఊరికే ఉంచకుండా సంచిలో నీడన పెట్టాను, వినాయకుడి ప్రార్థనకి అయిదు నిమిషాల ముందే తీశాను. మూడు గంటల పది నిమిషాలు ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే. ఇన్ని మార్పులు ఒక్కసారే చేశాను కాబట్టి ఏది ఎంత పని చేసిందో ఆ రోజు విడదీసి చెప్పలేను. తర్వాత ఇంట్లో ఒక్కొక్కటే మార్చి చూసుకుంటే మాత్రం ఫ్యాన్ ఆపగానే వేడి ఎక్కడం చేత్తో ముట్టుకుంటేనే తెలిసింది, జీపీఎస్ ఆన్ చేస్తే ఏమీ తెలియలేదు.

కొందరు ఐసు సంచి ఆనించమనో, మధ్యలో ఫ్రిజ్‌లో పెట్టమనో చెబుతారు. ఆ పని చెయ్యకండి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో చల్లబడ్డ లెన్స్ మీద నిమిషంలో ఆవిరి పడుతుంది. అద్దం బయట పడితే తుడుచుకోవచ్చు, లోపల పడితే ప్రోగ్రాం అంతా మంచు తెర వెనక నుంచి తీసినట్టు ఉంటుంది. మీ చెల్లి ప్రోగ్రాంలో విరామం ఉంటే ఆ పది నిమిషాలూ రికార్డింగ్ ఆపి, కెమెరా ఆఫ్ చేసి, ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి. అంతకంటే మంచి ఐసు లేదు.

ఇక కెమెరా ఆగిన ప్రతిసారీ వేడే కారణం అనుకోకండి. వేడికి ఆగితే ముందు గుర్తో మెసేజో చూపిస్తుంది, ఒళ్లు కాలుతుంటుంది, పది నిమిషాలు చల్లారాక మామూలుగా ఆన్ అవుతుంది, అప్పటిదాకా తీసిన ఫైలు బాగానే ఉంటుంది. మీకు జరిగింది ఇదే. కార్డు తేడా అయితే ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగుతుంది, ఒకసారి 3 నిమిషాలకి, ఒకసారి 30కి, ఒక పద్ధతి ఉండదు. కార్డు మీద V30 గుర్తు ఉందో లేదో చూసి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. బ్యాటరీ ముసలిదైతే 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆరిపోతుంది, వెంటనే ఆన్ చేస్తే మళ్లీ ఆరిపోతుంది. కాస్త ఉబ్బి, గదిలోంచి రావడానికి మొరాయిస్తుంటే ఇంక దాన్ని వాడకండి. పెద్ద వీడియో ముక్కలు ముక్కలుగా వచ్చిందని కూడా కొందరు హడలిపోతారు. అది ఆగడం కాదు, కెమెరా ఒక సైజు దాటగానే కొత్త ఫైలు మొదలుపెడుతుంది. `GX010123.MP4`, `GX020123.MP4` అని చివరి నాలుగు అంకెలు ఒకటే ఉంటే అవన్నీ ఒకే వీడియో, ఎడిటింగ్‌లో పక్కపక్కన పెడితే అతుకు కనిపించదు.

కార్డు సైజు కూడా ఇప్పుడే చూసుకోండి. సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున గంటకి 27 జీబీ, రెండున్నర గంటలకి 68 జీబీ దాకా. 64 జీబీ కార్డు సరిగ్గా చివర్లో, మంగళం దగ్గర నిండిపోతుంది. 128 పెట్టుకోండి.

నిజంగా కెమెరాలోనే తేడా ఉందేమో అన్న అనుమానం తీరాలంటే ఒక పరీక్ష. ఏసీ గదిలో, 1080 25లో, అన్నీ ఆఫ్ చేసి, ఫ్యాన్ తగులుతుండగా పెట్టండి. ఇంత తేలిక పని ఇచ్చినా 15, 20 నిమిషాల్లో థర్మామీటర్ గుర్తు వస్తే అప్పుడు లోపల వేడి బయటికి రావడం లేదని అర్థం. ఎప్పుడైనా కింద పడేశారా, బయట ఎక్కడైనా విప్పించారా గుర్తు చేసుకుని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి. గంట నడిస్తే కెమెరా బంగారం. ఆ టెస్ట్ ఈ ఆదివారమే చేసి ఎన్ని నిమిషాలు నడిచిందో, గదిలో ఎంత వేడి ఉందో కింద రాయండి. హాలుకి ఏసీ ఉందా లేదా, స్టేజీకి కెమెరా ఎంత దూరమో కూడా రాస్తే 5.3కె ఉంచాలో 4కె చాలో చెబుతాను.